మైటాసిస్, మియాసిస్: సెంట్రోమియర్ ఎప్పుడు చీలుతుందో చూస్తే లెక్క తప్పదు

ప్రశ్న: "సార్, మాది గుణుపురం. ప్లస్ టూ సైన్స్ ఇంగ్లీషులో చదివాను కానీ ఇంట్లో తెలుగే, అందుకని నీట్ రివిజన్ తెలుగులో రాసుకుంటున్నాను. మా బ్యాచ్‌లో అలా చదివేది నేనొక్కదాన్నే. మైటాసిస్ దశలు, మియాసిస్ దశలు విడివిడిగా అడిగితే చెప్పేస్తాను. ఏ దశలో ఎన్ని క్రోమోసోమ్‌లు, ఎంత డీఎన్ఏ అని రెండూ కలిపి అడిగితే మాత్రం మాక్ టెస్టుల్లో తప్పులు పోతున్నాయి. దశల వారీగా తేడా చెప్తారా?"

అమ్మా, దశల పేర్లు నీకు వచ్చు కాబట్టి వాటిని మళ్లీ వల్లె వేయించను. నువ్వు చెప్పిన తప్పు మా రాయగడ పిల్లల్లోనూ ఎక్కువగా చూస్తుంటాను. క్రోమోసోమ్‌ల సంఖ్యనూ డీఎన్ఏ పరిమాణాన్నీ ఒకే లెక్క అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. అవి రెండు వేరు లెక్కలు. క్రోమోసోమ్‌లు ఎన్ని అని అడిగితే సెంట్రోమియర్లను లెక్కపెట్టాలి. డీఎన్ఏ ఎంత అని అడిగితే క్రొమాటిడ్‌లను లెక్కపెట్టాలి. ఒక సెంట్రోమియర్ దగ్గర రెండు క్రొమాటిడ్‌లు అతుక్కుని ఉన్నా అది ఒక్క క్రోమోసోమే. ఆ సెంట్రోమియర్ చీలిన క్షణం నుంచి అవి రెండు క్రోమోసోమ్‌లు. మైటాసిస్‌కీ మియాసిస్‌కీ ఉన్న తేడా అంతా ఈ చీలిక ఎప్పుడు జరుగుతుందన్న దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు పేర్ల గురించి ఒక్క మాట. తెలుగు పుస్తకాల్లో మైటాసిస్ అంటే సమవిభజన, మియాసిస్ అంటే క్షయకరణ విభజన. ప్రొఫేజ్‌ను ప్రథమదశ, మెటాఫేజ్‌ను మధ్యస్థదశ, అనాఫేజ్‌ను చలనదశ, టీలోఫేజ్‌ను అంత్యదశ అంటారు. నీట్ తెలుగు బుక్‌లెట్ కావాలంటే ఆంధ్రలోనో తెలంగాణలోనో పరీక్షా కేంద్రం పెట్టుకోవాలి, ఒడిశా కేంద్రాల్లో ఇచ్చేది ఒడియా. ఈ ఏడాది నిబంధన ఎలా ఉందో అప్లికేషన్ పెట్టే ముందు ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో చూసుకో. తెలుగు బుక్‌లెట్‌లో ప్రశ్న పక్కనే ఇంగ్లీషు కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే ప్రమాణంగా తీసుకుంటారు. కాబట్టి రెండు పేర్లూ నోట్స్‌లో పక్కపక్కన రాసుకో.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పుస్తకంలో ఉల్లి వేరు ఉదాహరణ ఉంటుంది, దాంట్లో 16 క్రోమోసోమ్‌లు. అది నువ్వు ఎలాగూ చేసే ఉంటావు. నేను వరి తీసుకుంటాను. మన వైపు ఎటు చూసినా వరే కదా, పైగా ఒకే మొక్కలో వేరు కొసలో మైటాసిస్, పూత కట్టే ముందు పరాగకోశంలో మియాసిస్ రెండూ దొరుకుతాయి. వరికి 2n = 24. అంటే 12 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి మొక్క నుంచి, ఒకటి తండ్రి మొక్క నుంచి వచ్చినవి. ఇవి సమజాత క్రోమోసోమ్‌లు.

వేరు కొసలో ఒక కణం జీ1 దశలో ఉందనుకో. దాంట్లో 24 క్రోమోసోమ్‌లు, ఒక్కోదానికి ఒకే పోగు. డీఎన్ఏ 2C. ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపై 4C అవుతుంది. ఇక్కడే మొదటి ఉచ్చు ఉంది. డీఎన్ఏ రెట్టింపైంది కాబట్టి క్రోమోసోమ్‌లు 48 అని పెట్టేస్తారు. కాదు. ప్రతి క్రోమోసోమ్ పక్కన దాని నకలు తయారైంది, రెండూ సెంట్రోమియర్ దగ్గర కలిసే ఉన్నాయి. సెంట్రోమియర్లు 24 కాబట్టి క్రోమోసోమ్‌లూ 24, క్రొమాటిడ్‌లు మాత్రం 48. జీ2లోనూ అంతే: 24, 4C.

మైటాసిస్ మొదలైంది. ప్రథమదశలో పోగులు చుట్టుకుని పొట్టిగా, లావుగా అవుతాయి. అప్పటికీ 24, 4C. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, సమజాత క్రోమోసోమ్‌లు దగ్గరికి చేరి జతకట్టవు. ఒకటో జతలోని రెండు క్రోమోసోమ్‌లూ ఎక్కడివక్కడే దేని దారిన అవి ఉంటాయి. మధ్యస్థదశలో 24 క్రోమోసోమ్‌లు కణం నడిమి తలంలో విడివిడిగా వరసకు వస్తాయి. ప్రతి సెంట్రోమియర్‌కు రెండు పక్కలా కైనెటోకోర్‌లు ఉంటాయి, ఒకదానికి ఈ ధ్రువం నుంచి, రెండో దానికి ఆ ధ్రువం నుంచి కండె పోగులు వచ్చి పట్టుకుంటాయి. చలనదశలో సెంట్రోమియర్ చీలుతుంది. ఆ క్షణాన కణంలో సెంట్రోమియర్లు 48, అంటే క్రోమోసోమ్‌లు 48. కణం ఇంకా రెండుగా విడిపోలేదు కాబట్టి మొత్తం డీఎన్ఏ 4C గానే ఉంటుంది. 24 ఇటు, 24 అటు వెళ్లి, అంత్యదశ తర్వాత రెండు కణాలు, ఒక్కోదాంట్లో 24, 2C. జీ1లో మొదలుపెట్టిన చోటికే వచ్చాం.

చలనదశలో ఎన్ని అని అడిగినప్పుడు "ఒక్కో ధ్రువం దగ్గర" అన్నారా, "కణంలో మొత్తం" అన్నారా అన్నది కచ్చితంగా చదువు. ఒక్కో ధ్రువం దగ్గర అంటే 24, కణంలో మొత్తం అంటే 48. చాలామంది మార్కు పోగొట్టుకునేది జీవశాస్త్రం రాక కాదు, ఈ మాట మీదుగా కళ్లు జారిపోయి.

ఇక మియాసిస్. వరి పొట్ట దశలో ఉన్నప్పుడు, కంకి ఇంకా బయటికి రాకముందు, లోపల పరాగకోశాల్లో ఇది జరుగుతుంది. గుర్తు కావాలంటే పోటాకు, దాని కింది ఆకు కాండానికి అతుక్కునే చోట్లు ఇంచుమించు ఒకే ఎత్తులోకి వచ్చిన పిలకను చూడాలి. ఆ పిలకను చీల్చి లేత కంకిని ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాలు కలిపిన ద్రావణంలో వేసి, తర్వాత పరాగకోశాన్ని ఎసిటోకార్మిన్ చుక్కలో నలిపి చూస్తే పుప్పొడి మాతృకణాలు కనిపిస్తాయి. సరైన దశ దొరికితే ఎర్రగా రంగు పట్టిన చిన్న ముక్కలు విడివిడిగా పడి ఉంటాయి, లెక్కపెడితే 12. మొదటిసారి చూసిన పిల్లలు "సార్, సంఖ్య అప్పుడే సగమైపోయింది" అంటారు. కాలేదు. ఆ ఒక్కో ముక్క ఒక జత. దాంట్లో రెండు క్రోమోసోమ్‌లు, నాలుగు క్రొమాటిడ్‌లు ఉన్నాయి. 12 బైవాలెంట్లు, 24 క్రోమోసోమ్‌లు, 48 క్రొమాటిడ్‌లు, 4C. ఈ నాలుగు అంకెలూ ఒకే కణానివని నీ మనసుకు ఎక్కితే సగం పని అయిపోయినట్టే.

ఆ జతలు కట్టుకున్నది మొదటి ప్రథమదశలో. మైటాసిస్‌లో లేనిది ఇదే. అందుకే ఈ దశ అంత పొడుగు, అందుకే దానికి ఐదు ఉపదశలు. లెప్టోటీన్‌లో పోగులు కనిపించడం మొదలవుతుంది, అంతకంటే చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. జైగోటీన్‌లో సమజాత క్రోమోసోమ్‌లు పక్కపక్కకు చేరి జతకడతాయి, దీన్నే సినాప్సిస్ అంటారు. వాటి మధ్య సినాప్టోనీమల్ కాంప్లెక్స్ ఏర్పడుతుంది. పాకిటీన్‌లో నాలుగు క్రొమాటిడ్‌లు స్పష్టంగా కనిపిస్తాయి, సోదరులు కాని క్రొమాటిడ్‌ల మధ్య ముక్కలు మారతాయి. ఇది క్రాసింగ్ ఓవర్, తెలుగులో వినిమయం, దీనికి సాయపడే ఎంజైమ్ రికాంబినేజ్. డిప్లోటీన్‌లో సినాప్టోనీమల్ కాంప్లెక్స్ కరిగిపోతుంది, జతలోని రెండూ ఎడంగా జరుగుతాయి, కానీ ముక్కలు మారిన చోట్ల అంటుకునే ఉంటాయి. ఆ X ఆకారపు అతుకులే కయాస్మాలు. డయాకైనెసిస్‌లో కయాస్మాలు కొసలకు జరుగుతాయి, కేంద్రకాంశం మాయమవుతుంది, కేంద్రక త్వచం విచ్చిపోతుంది. నేను పైన చెప్పిన 12 ముక్కలు అన్నిటికంటే బాగా లెక్కకు దొరికేది ఈ డయాకైనెసిస్‌లోనే.

జరిగేది పాకిటీన్‌లో, కనిపించేది డిప్లోటీన్‌లో. క్రాసింగ్ ఓవర్ ఎప్పుడు అంటే పాకిటీన్, కయాస్మా ఎప్పుడు అంటే డిప్లోటీన్. ఈ రెండింటినీ తారుమారు చేసి జతపరిచే ప్రశ్నలు ఇస్తారు. ఇంకో సంగతి, క్రాసింగ్ ఓవర్ వల్ల ఏ అంకే మారదు. సెంట్రోమియర్లు అన్నే, క్రొమాటిడ్‌లు అన్నే, డీఎన్ఏ అంతే. మారేది క్రొమాటిడ్ మీదున్న సమాచారం మాత్రమే.

కయాస్మాను అందంగా కనిపించే గుర్తుగా మాత్రమే చూడకు. ఆ జత మధ్యస్థదశ దాకా విడిపోకుండా పట్టి ఉంచేది అదే. కయాస్మా ఏర్పడని జతలోని రెండు క్రోమోసోమ్‌లూ ముందే విడిపోయి, ధ్రువాలకు ఎటు పడితే అటు వెళ్తాయి. ఒక్కోసారి రెండూ ఒకే వైపు పోతాయి. అప్పుడు పంపకం చెడుతుంది.

మొదటి మధ్యస్థదశలో 12 బైవాలెంట్లు నడిమి తలంలో నిలుస్తాయి. మైటాసిస్‌లో 24 క్రోమోసోమ్‌లు ఒకే వరసలో ఉంటే, ఇక్కడ జతలో ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క చొప్పున రెండు వరసలు కనిపిస్తాయి. కండె పోగులు పట్టుకునే తీరు కూడా మారింది. సోదర క్రొమాటిడ్‌ల కైనెటోకోర్‌లు రెండూ ఇప్పుడు ఒకే ధ్రువం వైపు తిరిగి ఉన్నాయి. ఎదురు ధ్రువం వైపు తిరిగింది జతలోని రెండో క్రోమోసోమ్.

అసలు మలుపు మొదటి చలనదశ. ఇక్కడ సెంట్రోమియర్ చీలదు. జతలు విడిపోతాయి, క్రోమోసోమ్‌లు విడిపోవు. 12 ఇటు, 12 అటు. ఒక్కోదానికి ఇంకా రెండేసి క్రొమాటిడ్‌లు ఉన్నాయి. కణంలో మొత్తం సెంట్రోమియర్లు 24 కాబట్టి సంఖ్య 24 గానే ఉంటుంది, మైటాసిస్ చలనదశలో లాగా 48 కాదు. రెండు చలనదశలకూ ఉన్న ఈ తేడాను చూడకుండా కట్టుకున్న లెక్క ఎక్కడో ఒక చోట కూలుతుంది.

ఎందుకు చీలదని నువ్వు అడగాలి, నేను చెప్పాలి. సోదర క్రొమాటిడ్‌లను కలిపి ఉంచేది కోహెసిన్ అనే ప్రోటీన్. చలనదశ వచ్చేసరికి సెపరేజ్ అనే ఎంజైమ్ దాన్ని కోసేస్తుంది. మొదటి చలనదశలో చేతుల వెంబడి ఉన్న కోహెసిన్ మాత్రమే తెగుతుంది, దాంతో కయాస్మాల పట్టు వదిలి జతలు విడిపోతాయి. సెంట్రోమియర్ దగ్గరున్న కోహెసిన్‌ను షుగోషిన్ అనే ఇంకో ప్రోటీన్ కాపాడుతుంది. రెండో చలనదశ నాటికి ఆ కాపలా ఉండదు, అప్పుడు అదీ తెగుతుంది. ఈ ప్రోటీన్ల పేర్లు పరీక్షలో అడుగుతారని చెప్పడం లేదు. కారణం తెలిస్తే బట్టీ పట్టే పని తగ్గుతుందని చెప్తున్నాను.

మొదటి అంత్యదశ అయ్యాక రెండు కణాలు. ఒక్కోదాంట్లో 12 క్రోమోసోమ్‌లు, 24 క్రొమాటిడ్‌లు. సంఖ్య n కి దిగింది. డీఎన్ఏ 4C లో సగం, అంటే 2C. ఇక్కడ కాసేపు ఆగు. జీ1లో ఉన్న వేరు కణంలోనూ 2C ఉంది, ఈ కణంలోనూ 2C ఉంది. కానీ అక్కడ 24 ఒంటి పోగులు, ఇక్కడ 12 జంట పోగులు. డీఎన్ఏ సమానం, క్రోమోసోమ్‌లు సగం. "ఒక కణంలో డీఎన్ఏ 2C, అది తప్పకుండా ద్వయస్థితికమే" అన్న వాక్యం ఇస్తే ఈ కణాన్ని గుర్తు తెచ్చుకుని తప్పు అని పెట్టు.

రెండు విభజనల మధ్య చిన్న విరామం ఉంటుంది, దాన్ని ఇంటర్‌కైనెసిస్ అంటారు. అక్కడ ఎస్ దశ లేదు, డీఎన్ఏ మళ్లీ రెట్టింపు కాదు. అందుకే రెండో విభజన ముగిసేసరికి డీఎన్ఏ ఇంకో సగానికి పడుతుంది.

రెండో మియాసిస్ గబగబా చెప్పేయొచ్చు, కదలికలు మైటాసిస్‌వే. రెండో మధ్యస్థదశలో 12 క్రోమోసోమ్‌లు ఒకే వరసలో, సోదర కైనెటోకోర్‌లు మళ్లీ ఎదురెదురు ధ్రువాల వైపు. రెండో చలనదశలో సెంట్రోమియర్ చీలి కణంలో 24, ఒక్కో ధ్రువం దగ్గర 12. చివరికి నాలుగు కణాలు, ఒక్కోదాంట్లో 12 క్రోమోసోమ్‌లు, డీఎన్ఏ C. రెండో మియాసిస్ అచ్చం మైటాసిసే అని మాత్రం రాయకు. మైటాసిస్‌లో విడిపోయే సోదర క్రొమాటిడ్‌లు ఒకేలా ఉంటాయి. ఇక్కడ పాకిటీన్‌లో ముక్కలు మారాయి కాబట్టి సోదరులు కూడా ఒకేలా ఉండకపోవచ్చు. పైగా కణంలో సమజాత జతలే లేవు.

బొమ్మ ఇచ్చి దశ చెప్పమంటే ఎలా? బొమ్మల్లో సాధారణంగా 2n = 4 కణం గీస్తారు. మధ్యస్థదశ అయితే తలంలో నిలిచినవి ఎన్నో చూడు. నాలుగు విడివిడిగా ఉంటే మైటాసిస్. రెండు జతలుగా నాలుగు ఉంటే మొదటి మియాసిస్. రెండే ఉండి, అవీ ఒకదానితో ఒకటి పోలనివైతే రెండో మియాసిస్. చలనదశ అయితే ధ్రువం వైపు పోతున్న ఒక్క క్రోమోసోమ్‌ను పట్టుకుని దానికి క్రొమాటిడ్‌లు ఎన్నో చూడు. రెండు ఉంటే అది మొదటి చలనదశే, ఇంక ఆలోచించక్కర్లేదు. ఒకటే ఉంటే మైటాసిస్ కావచ్చు, రెండో మియాసిస్ కావచ్చు. అప్పుడు ఒక ధ్రువం వైపు పోయేవాటిలో సమజాత జతలు ఉన్నాయా చూడు. నాలుగు పోతూ జతలు కనిపిస్తే మైటాసిస్, రెండే పోతూ జత లేకపోతే రెండో మియాసిస్.

ఇదే లెక్కతో పంపకం చెడిన ప్రశ్నలూ తేలిపోతాయి. వరి పుప్పొడి మాతృకణంలో మొదటి చలనదశలో ఒక జత విడిపోకుండా రెండూ ఒకే వైపు వెళ్లాయనుకో. ఒక కణానికి 13, ఇంకోదానికి 11. రెండో విభజన సరిగ్గా జరిగినా వచ్చే నాలుగు కణాలు 13, 13, 11, 11. ఒక్కటి కూడా బాగుండదు. అదే మొదటి విభజన సరిగ్గా జరిగి, రెండో విభజనలో ఒక కణంలో మాత్రం ఒక క్రోమోసోమ్ తాలూకు సోదర క్రొమాటిడ్‌లు విడిపోకపోతే, ఆ కణం నుంచి 13, 11 వస్తాయి, రెండో కణం నుంచి 12, 12. సగం బాగుంటాయి. నాలుగూ చెడితే తప్పు మొదటి విభజనలో, రెండు చెడితే రెండో విభజనలో. మనుషుల్లో డౌన్ సిండ్రోమ్‌కు 21వ క్రోమోసోమ్ ఒకటి ఎక్కువ రావడం కారణం. అది చాలావరకు తల్లి అండంలో మొదటి మియాసిస్ దగ్గర జరిగిన తప్పు వల్లే వస్తుంది.

చివరగా, మాక్ టెస్టుల్లో తరచుగా కనిపించే లెక్క ఒకటి. 100 వరి గింజలు రావాలంటే ఎన్ని మియాసిస్‌లు జరగాలి? ఒక్కో గింజకు ఒక పుప్పొడి రేణువు, ఒక అండం కావాలి. పుప్పొడి మాతృకణం ఒకసారి మియాసిస్ చెందితే నాలుగు రేణువులు వస్తాయి, నాలుగూ పనికొస్తాయి. కాబట్టి 100 రేణువులకు 25 మియాసిస్‌లు చాలు. అండాశయం వైపు అలా కాదు. అక్కడ స్థూలసిద్ధబీజ మాతృకణం కూడా నాలుగు కణాలే ఇస్తుంది, కానీ వాటిలో మూడు నశించిపోయి ఒకటే మిగులుతుంది. ఆ ఒక్కటి మైటాసిస్‌లతో పిండకోశంగా ఎదుగుతుంది, దాంట్లో అండం ఒకటే. అంటే 100 అండాలకు 100 మియాసిస్‌లు. మొత్తం 125. ప్రశ్నలో గింజలు అని కాకుండా పుప్పొడి రేణువులు అని మాత్రమే అడిగితే 25 తో ఆపెయ్యి.